డెబ్భై రూపాయల ఎనిమిది పైసలు

మా నాయన ఫోన్ నంబర్ పోయింది. ఫోన్ పోలేదు, సిమ్ కార్డు పోలేదు, నంబరే పోయింది. తొమ్మిది రోజుల తర్వాత మళ్ళీ వచ్చిందిలెండి. ఈ లోపల జరిగింది రాసి పెడదామని ఈ టపా. ఇలాంటి బిల్లింగ్ ప్రోగ్రాములు రాసేవాళ్ళ మధ్యనే పదిహేనేళ్ళుగా బతుకుతున్నవాడిని, నాకే ఇట్లా అయ్యిందంటే నలుగురికీ చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్తా.

మాది జొన్నగిరి. తుగ్గలి మండలం, కర్నూలు జిల్లా. తొలకరి వానలు పడంగానే జనాలు ఎక్కడెక్కడి నుంచో సద్ది మూటలు కట్టుకొని వచ్చి చేలల్లో వజ్రాలు వెతుకుతారే, ఆ ఊరు. వాళ్ళకు వజ్రాలు, మాకు వేరుశనగ, పత్తి. నేను బెంగుళూరులో ఉంటా. నాయన దగ్గర ఉన్న నంబరు నిజానికి నాదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తీసుకున్న పోస్ట్‌పెయిడ్ కనెక్షన్. కంపెనీ వాళ్ళు వేరే నంబరు ఇచ్చాక ఇది నాయనకు ఇచ్చినా. బిల్లు నేను కడతా, మాట్లాడేది ఆయన. బ్యాంకు పాస్ బుక్కు మీద, ఆధార్ మీద, ఎరువుల అంగడాయన పుస్తకంలో, చుట్టాలందరి ఫోన్లలో అదే నంబరు.

ప్లాను నెలకు 399 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 71 రూపాయల 82 పైసలు. మొత్తం 470.82. ప్రతి నెలా గుర్తు పెట్టుకొని కట్టడం ఎందుకులే అని 2025 ఫిబ్రవరిలో నా బ్యాంకు ఖాతాలో ఒక ఏర్పాటు చేసినా. ప్రతి నెలా పదో తారీఖున 471 రూపాయలు ఈ బిల్లుకు దానంతటదే వెళ్ళిపోవాలి. పైసల లెక్క ఎవడు చూస్తాడు అని గుండు సున్నా చేసి 471 పెట్టినా. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయినా. గుర్తు పెట్టుకోకుండా ఉండటానికే కదా ఆ ఏర్పాటు!

ఫిబ్రవరి నెలలోనే మా మేనత్త కొడుకు కువైట్ నుంచి నాయనకు మిస్డ్ కాల్ ఇచ్చినాడు. నాయన వెంటనే తిరిగి చేసినాడు. వాట్సాప్ లేని చిన్న బటన్ల ఫోను, మామూలు ఐఎస్‌డీ కాల్. పెళ్ళి సంబంధం విషయం మాట్లాడినారంట. 60 రూపాయలు, పన్ను 10.80. మార్చి ఒకటిన వచ్చిన బిల్లు 470.82 కాక 541.62 అయ్యింది. నా 471 యథాప్రకారం పోయింది. అంతకు ముందు నెలలో ఎక్కువ కట్టిన 18 పైసలు తీసేసుకుంటే, బాకీ 70 రూపాయల 44 పైసలు.

ఏప్రిల్‌లో బిల్లు 470.82, నేను కట్టింది 471. బాకీ 70.26. మేలో 70.08. చూసినారా, నేను నెలకు 18 పైసల చొప్పున బాకీ తీరుస్తూనే ఉన్నా :) ఇదే లెక్కన ఇంకో 390 నెలలు, అంటే ముప్పై రెండున్నర ఏళ్ళు ఆగి ఉంటే మొత్తం తీరిపోయేది. వాళ్ళు ఆగలేదు.

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక సంగతి ఉంది. దీన్ని అర్థం చేసుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. బాకీదారు డబ్బు కట్టినప్పుడు ఆ డబ్బును ఏ బిల్లుకు జమ వేయాలి? పాత బిల్లుకు ముందు జమ వేస్తే, నా 471లో 70 రూపాయలు మార్చి బాకీకి పోయి, ఏప్రిల్ బిల్లులో 70 తగ్గుతుంది. వచ్చే నెల ఏప్రిల్ తీరి మేలో తగ్గుతుంది. అప్పుడు బాకీ ఎప్పుడూ ఉంటుంది కానీ అది ఎప్పుడూ ఒక నెల వయసుదే, ముసలిదవదు. అట్లా కాకుండా కొత్త బిల్లుకు ముందు జమ వేస్తే ఏప్రిల్ తీరిపోతుంది, మే తీరిపోతుంది, మార్చి నాటి ముక్క మాత్రం అట్లాగే కూర్చొని రోజురోజుకూ ముసలిదవుతుంది. ఊళ్ళో శావుకారు దగ్గర అయితే బాకీ ఎంత అన్నది చూస్తాడు. వసూళ్ళ ప్రోగ్రాము మాత్రం ఎక్కువగా బాకీ వయసు ఎంత అన్నది చూస్తుంది. ముప్పై రోజులు దాటితే ఒక మెసేజ్, అరవై దాటితే అవుట్‌గోయింగ్ ఆపు, ఇంకొన్నాళ్ళు దాటితే ఇన్‌కమింగ్ కూడా ఆపు, ఆ తర్వాత కనెక్షన్ తీసెయ్. ఎన్ని రోజులకు ఏది అన్నది కంపెనీని బట్టి మారుతుంది కానీ మెట్లు మాత్రం ఇవే. మా కంపెనీ వాళ్ళది రెండో పద్ధతి. ఆదోనిలో వాళ్ళ ఆఫీసులో ఖాతా వివరాలు ప్రింటు తీయించుకొని చూస్తే తెలిసింది.

ఇంకో విచిత్రం. వంద రూపాయల లోపు బాకీకి ఆలస్య రుసుము వేయరంట వాళ్ళు. దయే అనుకోండి. కానీ ఆ రుసుము వేసి ఉంటే బాకీ రెండు వందలో మూడు వందలో అయ్యి ఎక్కడో ఒక చోట నా కళ్ళల్లో పడి ఉండేది. చిన్న బాకీ పెరగకుండా చిన్నదిగానే ఉండిపోవడం వల్లనే నాకు కనపడకుండా పోయింది.

మరి హెచ్చరికలు రాలేదా అంటే, వచ్చినాయి. ఎస్సెమ్మెస్‌లు నాయన ఫోన్‌కు వచ్చినాయి. ఆయన మెసేజీలు చదవడు. ఈమెయిళ్ళు నేను చేరినప్పుడు ఇచ్చిన పాత ఈమెయిల్ అడ్రసుకు పోయినాయి. ఆ పెట్టె తెరిచి ఎన్నేళ్ళయిందో నాకే తెలీదు. బాకీ నాది, హెచ్చరిక ఆయనకు.

మే 20 నుంచి నాయన ఫోన్లో అవుట్‌గోయింగ్ పనిచేయలేదు. ఈ సంగతి నాకు జూన్‌లో తెలిసింది. నేను రోజూ సాయంత్రం చేస్తా, ఆయన ఎత్తుతాడు, మాట్లాడుకుంటాం. ఇన్‌కమింగ్ వస్తోంది కాబట్టి నాకు అనుమానం రాలేదు. ఆయన ఎవరికైనా చేయాలంటే పక్కింటి పిల్లోడి ఫోన్ అడుక్కుంటున్నాడంట.

"మరి నాకు చెప్పలేదేం నాయనా?" అంటే,

"టవరు సరిగ్గా లేదేమో అనుకొంటి లేరా. ఎవురో ఆడామె ఏమో చెప్తాండె ఫోన్లో. నాకు సగం అర్థం కాలె" అన్నాడు.

జూన్ 9, సోమవారం సాయంత్రం నేను చేస్తే 'ఈ నంబరు ఉపయోగంలో లేదు' అని వచ్చింది. కరెంటు పోయి టవరు ఆగిందేమోలే అనుకున్నా. స్విచాఫ్ అయినా, టవరు అందకపోయినా 'స్విచాఫ్ చేయబడినది' అనో 'అందుబాటులో లేరు' అనో వస్తుంది. 'ఉపయోగంలో లేదు' అని వస్తే అది టవరు గొడవ కాదు, నంబరే తీసేసినారని. ఈ తేడా నాకు ఆ రోజు తట్టి ఉంటే రెండు రోజులు కలిసొచ్చేవి.

ఇక అసలు ఇబ్బంది. జూన్ అంటే మా వైపు పంట రుణాలు తిరగరాసుకునే కాలం. బ్యాంకులో తీసుకున్న పంట రుణాన్ని ఏడాది లోపల కట్టేస్తే వడ్డీలో మూడు శాతం రాయితీ వస్తుంది, ఏడు శాతం కాస్తా నాలుగు అవుతుంది. కట్టడానికి రైతు దగ్గర డబ్బు ఉండదు కదా. అందుకని ఊళ్ళో ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి బ్యాంకులో కట్టి, రెండు మూడు రోజుల్లో కొత్త రుణం రాగానే చేబదులు తీర్చేస్తారు. నన్ను అడగొచ్చు కదా అంటే అడగడు, అది వేరే కథ. నాయన రుణం లక్షా ఇరవై వేలు. పత్తికొండలో తెలిసినాయన దగ్గర నూటికి రెండ్రూపాయల వడ్డీకి తెచ్చి జూన్ 10న కట్టినాడు. రెండు రోజుల్లో ఇచ్చేస్తానని మాట. 11న కొత్త రుణానికి సంతకాలు పెట్టబోతే ఓటీపీ రావాలన్నారు. ఓటీపీ పోవాల్సిన నంబరు లోకంలో లేదు.

నూటికి రెండ్రూపాయలంటే లక్షా ఇరవై వేలకు నెలకు 2,400. రోజుకు 80 రూపాయలు. అంటే నేను కట్టాల్సిన మొత్తం బాకీ కంటే ఒక్క రోజు వడ్డీ ఎక్కువ. డబ్బు సంగతి అట్లా ఉంచండి, "రెండు దినాలన్నా కదరా ఆయనకు" అని నాయన పక్కింటి పిల్లోడి ఫోన్లో అన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ వినపడుతుంది. బ్యాంకులో నంబరు మార్చి రాసిమ్మంటే ఆ దరఖాస్తు పైకి పోయి రావడానికి ఎన్ని రోజులో వాళ్ళే చెప్పలేకపోయినారు.

నేను అదే రోజు ఫోన్లోనే బాకీ 70.08 కట్టేసినా. 'మీ చెల్లింపు అందింది, ధన్యవాదములు' అని వచ్చింది. గంట చూసినా, రెండు గంటలు చూసినా, లైను రాలేదు. కస్టమర్ కేర్ అమ్మాయి చెప్పింది: "సార్, అవుట్‌గోయింగ్ మాత్రమే ఆగి ఉంటే డబ్బు కట్టగానే అదే వచ్చేస్తుంది. మీది పూర్తిగా డిస్‌కనెక్ట్ అయ్యింది. మళ్ళీ యాక్టివేట్ చేయాలంటే రీయాక్టివేషన్ ఛార్జ్ కట్టాలి, కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే ఆధార్‌తో స్టోర్‌కు రావాలి."

ఆమె చెప్పింది సబబే. అవుట్‌గోయింగ్ ఆపడం అంటే నెట్‌వర్క్‌లో మన నంబరు పక్కన ఒక గుర్తు పెట్టడం. డబ్బు రాగానే గుర్తు తీసేస్తే సరి, మనిషి అక్కర్లేదు. పూర్తిగా తీసేయడం అంటే ఏ నంబరు ఏ సిమ్‌ది అని రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది, హెచ్ఎల్ఆర్ అంటారు, అందులోంచి మన పేరే కొట్టేయడం. మళ్ళీ రాయాలంటే కొత్త కనెక్షన్‌కు చేసే తతంగమంతా చెయ్యాలి. అందుకే రుసుము. పేరు కొట్టేసినా నంబరును వెంటనే ఇంకొకరికి ఇవ్వరు. తొంభై రోజులు ఖాళీగా ఉంచుతారని 2023లో సుప్రీంకోర్టులో ఈ విషయం మీద కేసు నడిచినప్పుడు ట్రాయ్ చెప్పింది. మా లెక్కన సెప్టెంబర్ 7 దాకా. ఆ తర్వాత ఆ నంబరు ఏ ఊళ్ళో ఎవరి చేతిలో పడుతుందో, నాయన బ్యాంకు మెసేజీలు ఎవరు చదువుకుంటారో. ఇట్లాంటి పాత నంబర్లను ఖాతాల్లోంచి తీసేయాలని 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకులకు, యూపీఐ ఆప్‌లకు నియమం వచ్చింది కానీ, ముందుగా మన వైపు నుంచి మార్చుకోవడమే మేలు.

శుక్రవారం రాత్రి రైలెక్కి శనివారం పొద్దున గుత్తిలో దిగినా. నాయనను తీసుకొని పత్తికొండ మీదుగా ఆదోని పోయినాం. గుత్తి నుంచి పత్తికొండ దారిలోనే ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాలు ఉన్నాయి. ఇన్ని శతాబ్దాలైనా డిస్‌కనెక్ట్ కాలేదు, పోస్ట్‌పెయిడ్ కాదేమో మరి.

ఆదోని ఆఫీసులో రీయాక్టివేషన్ రుసుము 200, జీఎస్టీ 36, మొత్తం 236 తీసుకున్నారు. ఆధార్, వేలిముద్ర, ఫోటో. పాత సిమ్ పనికిరాదని కొత్త సిమ్ ఇచ్చినారు. శనివారం కాబట్టి పైనుంచి అనుమతి సోమవారం సాయంత్రానికి వచ్చింది. ఫోన్ మోగింది! నాయన మొహం చూడాలి అప్పుడు. కానీ ఓటీపీ రాలేదు. కారణం, కొత్త సిమ్ వేశాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. ఎవరైనా మోసగాడు మన పేరుతో దొంగ సిమ్ తీసుకొని ఓటీపీలు లాగేయకుండా 2022లో టెలికాం శాఖ పెట్టిన నియమం ఇది. మంచి నియమమే, మా నెత్తినే పడింది అంతే. కాబట్టి మీకు ఇట్లాంటి అవసరం ఉంటే కాల్ వచ్చిందని బ్యాంకుకు పరిగెత్తకండి, ఇంకొక రోజు కలుపుకోండి. మంగళవారం సాయంత్రం మెసేజీలు మొదలయ్యాయి. 18 బుధవారం బ్యాంకు పని అయ్యింది, అదే సాయంత్రం పత్తికొండలో అప్పు తీరింది. ఇస్తానన్న దానికంటే ఆరు రోజులు ఎక్కువ, 480 రూపాయలు వడ్డీ. ఆయన వద్దన్నాడు, నాయన చేతిలో పెట్టి వచ్చినాడు.

రుసుము తిరిగి ఇమ్మని 198కు ఫిర్యాదు చేసినా. ఫిర్యాదు నంబరు తీసుకొని, జవాబు నచ్చక ముప్పై రోజుల లోపల అప్పీలు కూడా పెట్టినా. 'ఎస్సెమ్మెస్‌లు పంపినాము' అన్నారు. పంపినారు కదా మరి! రుసుము రాలేదు.

ఇప్పుడు నేను ఏం మార్చుకున్నానో చెప్తా. మొదటిది, నికరమైన మొత్తం పెట్టి నెలనెలా పంపే ఏర్పాటు తీసేసినా. బిల్లు ఎంత వస్తే అంత కట్టే ఆటోపే పెట్టుకోవాలి, దానికి గరిష్ఠ పరిమితి ఇవ్వమంటుంది. చాలామంది అక్కడ కూడా బిల్లుకు సరిగ్గా సరిపోయే అంకె ఇస్తారు. అట్లా చేస్తే బిల్లు రూపాయి పెరిగినా మొత్తం చెల్లింపే ఆగిపోతుంది. కనీసం రెట్టింపు పెట్టండి. డబ్బు తీసుకునే 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, ఎక్కువ బిల్లు వస్తే అప్పుడు ఆపుకోవచ్చు.

రెండు, బిల్లు కాగితంలో 'ఈ నెల ఛార్జీలు' అన్న అంకె కాదు, 'గత బాకీ' అన్న గడి చూడండి. అక్కడ సున్నా కాక ఏదున్నా, ఐదు రూపాయలైనా, దాని వయసు పెరుగుతోందని లెక్క. ఖాతాలో ఈమెయిల్, రెండో నంబరు అన్నవి కట్టేవాడివి పెట్టాలి, మాట్లాడేవాడివి కాదు. మా ఇంట్లో ఇంకో పద్ధతి కూడా మొదలైంది. ఆదివారం నేను చెయ్యను, నాయనే నాకు చెయ్యాలి. ఆ కాల్ రాలేదంటే అవుట్‌గోయింగ్ ఆగిందన్నమాట.

విదేశాలకు పోయే మిత్రులు ఇక్కడి పోస్ట్‌పెయిడ్ నంబరును ఊరికే వదిలి పోతుంటారు. దానికి 'సేఫ్ కస్టడీ' అని ఒకటుంది. 2013లో ట్రాయ్ తెచ్చింది. బాకీ లేకుండా చూసుకొని ముందుగా దరఖాస్తు పెడితే మూడు నెలలకు 150 రూపాయలకు మించకుండా తీసుకొని నంబరు మనకు అట్టిపెడతారు. కాకపోతే ఆ కాలంలో ఓటీపీలు రావు, అది గుర్తుంచుకోండి.

నాయన నంబరు మాత్రం జూలైలో ప్రీపెయిడ్‌కు మార్చేసినా. ప్రీపెయిడ్‌లో బాకీ అన్న మాటే లేదు. అదే 2013 నియమాల ప్రకారం ప్రీపెయిడ్ నంబరును తొంభై రోజులు ఏమాత్రం వాడకపోతేనే తీసేయాలి, అప్పుడు కూడా ఖాతాలో 20 రూపాయలు, అంతకు మించి ఉంటే తీసేయకూడదు. తీసేసినా పదిహేను రోజుల గడువులో 20 రూపాయలకు మించకుండా కట్టి తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ ఇరవై రూపాయలు నంబరును కాపాడుతుందే కానీ లైను నడపదు, ప్లాను గడువు అయిపోతే కాల్స్ ఆగుతాయి. ఈ వెసులుబాట్లేవీ పోస్ట్‌పెయిడ్ బాకీకి వర్తించవు. అక్కడ కంపెనీ చెప్పిందే లెక్క. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే రీఛార్జి ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ చెప్పింది, ఏడాది దాకా గడువున్నవి కూడా ఇవ్వొచ్చంది. బటన్ల ఫోన్ నాయనలకు అదే సరైనది. అట్లాంటిదే ఏడాదికి వేయించినా.

మార్చే ముందు పోస్ట్‌పెయిడ్ ఖాతా ముగించి చివరి బిల్లు పంపినారు. ఈసారి 'గత బాకీ' గడి చూసినా. జూన్ 10న మూసేసిన నంబరుకు కూడా నా బ్యాంకు నుంచి 471 పోయి ఉంది కదా, దాని తాలూకు మిగులు. -0.18 అని ఉంది. వాళ్ళు మాకు పద్దెనిమిది పైసలు బాకీ.

నాయనకు చెప్తే, "ఎప్పుడిస్తారంట?" అన్నాడు.